మూత తెరుస్తుంటే 'టిక్' మందా?

పొద్దున్నే కాలేజీకి వెళ్లే హడావుడిలో ల్యాప్‌టాప్ మూత తెరిచిందా అమ్మాయి. ఎడమవైపు మూల నుంచి 'టిక్' మని చిన్న చప్పుడు. వంగి చూసింది. ఎక్కడా పగుల్లేదు, గీతలేదు. స్క్రీన్ ఎప్పట్లానే వెలిగింది. కీబోర్డూ పనిచేస్తోంది. ఇంకేం... మర్చిపోయింది.

అది ఆగస్టులో. జనవరికి వచ్చేసరికి ఆ 'టిక్' కాస్తా 'కర్ర్' మంటోంది. మూత తెరిచిన ప్రతిసారీ స్క్రీన్ చుట్టూ ఉండే నల్లపట్టీ ఎడమమూల దగ్గర గోరు దూరేంత లేస్తోంది. వేలితో నొక్కితే మళ్లీ సర్దుకుంటోంది. అలా నొక్కుతూనే రెండు వారాలు నెట్టుకొచ్చింది. ఓ సోమవారం రాత్రి తెరవబోతే 'ఫట్' మంది. మూత ఓవైపు నిలబడింది, రెండోవైపు చెవి తెగిన సంచిలా వేలాడింది. స్క్రీన్ మీద అడ్డంగా గీతలు వణుకుతున్నాయి.

గురువారం ఉదయం పదింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. ఇంజినీరింగ్ చివరి ఏడాది. నాన్నకి మిర్యాలగూడలో టైలర్ షాపు. 46 వేలు పెట్టి వాయిదాల్లో కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. ఇంకా నాలుగు వాయిదాలు కట్టాలి!

మర్నాడు మధ్యాహ్నం దాన్ని చున్నీలో చుట్టుకుని కూకట్‌పల్లి హాస్టల్ నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి బయల్దేరింది. కంప్యూటర్ సామాన్లకీ మరమ్మతులకీ జంటనగరాల్లో అందరూ చెప్పే చిరునామా... అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటరే. మూడో దుకాణంలో ఓ మెకానిక్ దాన్ని తీసుకుని మూత అటూ ఇటూ కదపకుండా, పక్కకి వంచి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. లోపల ఏదో 'గలగల' మంది.

''ఎన్నాళ్ల నుంచమ్మా?''

''నిన్న రాత్రి విరిగిందన్నా.''

''విరిగింది నిన్న. చప్పుడెప్పుడు మొదలైంది?''

''...ఆగస్టులో.''

''అప్పుడొస్తే నాలుగైదొందల్లో పోయేది'' అంటూ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

తలుపుది వేరు... దీనిది వేరు

మూతనీ కీబోర్డు భాగాన్నీ కలిపే లోహపు కీలునే హింజ్ అంటారు. ఇంట్లో తలుపుకుండే మడతబందుకి ఇది దూరపు చుట్టమే కానీ స్వభావం పూర్తిగా వేరు. తలుపు మడతబందు ఎంత తేలిగ్గా తిరిగితే అంత మంచిది. బిగుసుకుంటే రెండు చుక్కల నూనె వేస్తాం. ల్యాప్‌టాప్ హింజ్ తేలిగ్గా తిరగకూడదు. మూతని ఏ కోణంలో వదిలితే అక్కడే ఆపాలి. అందుకే దాన్లో ఉక్కు కడ్డీ, దానికి గుచ్చిన పల్చటి వాషర్లు, వాటిని ఒత్తిపెట్టే నట్టు ఉంటాయి. వాషర్లు ఒకదానికొకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఆ రాపిడే మూతని నిలబెడుతుంది. వాషర్ల మధ్య ఓ చిక్కటి గ్రీజు ఉంటుంది, రాపిడి ఒకే తీరులో ఉండటానికి.

హింజ్‌కి రెండు చేతులున్నాయనుకోండి. ఒకటి కీబోర్డు భాగంలో, రెండోది మూతలో స్క్రూలతో బిగించి ఉంటుంది. చిక్కంతా ఈ స్క్రూలు దిగిన చోటే. మధ్యతరగతి ధరల్లో వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒళ్లంతా ప్లాస్టిక్కే. ప్లాస్టిక్‌లో స్క్రూ నేరుగా బిగిస్తే నిలవదు. అందుకని చిన్నచిన్న స్తంభాల్లా పోతపోసి, వాటి నడుమ ఇత్తడి గుండీలు దించుతారు. గుండీకి లోపల మర ఉంటుంది, బయట గరుకు గాట్లు ఉంటాయి. స్క్రూని ఇత్తడి పట్టుకుంటుంది. ఇత్తడిని ప్లాస్టిక్ పట్టుకుంటుంది. ఆ ప్లాస్టిక్ గోడ మందం ఎంతనుకున్నారు? ఒక మిల్లీమీటరు అటూఇటూగా!

హింజ్ విరిగిందని తెచ్చే ల్యాప్‌టాప్‌లు విప్పి చూస్తే చాలాసార్లు హింజ్ గట్టిగానే ఉంటుంది. విరిగింది దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్.

వదులు కాదు, బిగువే భయం

మూత వదులైతే అందరూ కంగారుపడతారు. స్క్రీన్ వెనక్కి వాలిపోతోంది, బస్సులో ఒళ్లో పెట్టుకుంటే ఊగిపోతోంది అంటూ దుకాణానికి పరిగెడతారు. నిజానికి అది చిన్న జబ్బు. స్క్రూ వదులై ఉండొచ్చు, లేదా రాపిడి నట్టు సడలి ఉండొచ్చు. బిగిస్తే సరిపోతుంది. స్క్రూ వదులైతే మాత్రం ఎక్కువ రోజులు వదిలేయకూడదు. అది అటూఇటూ ఆడుతూ గుండీని కదిలించేస్తుంది.

అసలు ప్రమాదం దీనికి సరిగ్గా తిరగబడ్డది. మూత బిగుసుకోవడం. దాన్ని మాత్రం ఎవరూ జబ్బనుకోరు. 'గట్టిగా ఉంది, మంచి కంపెనీ సరుకు' అని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు!

బిగువెందుకు పెరుగుతుంది? వాషర్ల మధ్య గ్రీజు ఏళ్లు గడిచేకొద్దీ ఎండుతుంది. దుమ్ము చేరుతుంది. చెమ్మ తగిలి తుప్పూ పడుతుంది. వాషర్లు నున్నగా జారడం మానేసి ఒకదాన్నొకటి గీరుకుంటాయి. చాలా మోడళ్లలో లోపలి ఫ్యాను వేడిగాలిని హింజ్ పక్కనుంచే బయటికి తోస్తుంది. ఆ వేడి గ్రీజుకీ మంచిది కాదు, ప్లాస్టిక్‌కీ మంచిది కాదు. ఈ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో గాలి దారి ఎడమవైపే ఉంది.

ఇక లెక్క చూడండి. పదిహేనంగుళాల ల్యాప్‌టాప్ మూత ఎత్తు ఇంచుమించు 22 సెంటీమీటర్లు. మనం పట్టుకుని లాగేది పై అంచుని. కింద హింజ్ చేతికి వేసిన స్క్రూలు కీలు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. గునపం పొడుగు చివర పట్టుకుని రాయి లేపినట్టన్నమాట. పైన కిలో బరువంత బలం వేస్తే కింద ఆ స్క్రూల మీద ఎనిమిది నుంచి పది కిలోల లాగుడు పడుతుంది. బిగువు రెట్టింపైతే మనం వేసే బలమూ రెట్టింపు, కింద లాగుడూ రెట్టింపు. ఇక మూతని నడుమ కాకుండా ఓ మూల పట్టుకుని తెరిస్తే ఆ లాగుడులో ఎక్కువభాగం ఆవైపు హింజ్ మీదే పడుతుంది. కుడిచేత్తో కాఫీ కప్పు పట్టుకుని, ఎడమచేత్తో ఎడమమూల లేపడం మనకి మామూలే కదా!

ఇంకో సంగతి. హింజ్‌కి ఓవైపు మూడు గుండీలుంటే, అవి మూడూ ఒక్కసారే ఊడవు. ముందు ఒకటి ఊడుతుంది. 'టిక్' మన్నది అదే. నలుగురు మోసే పల్లకీలో ఒకరు తప్పుకుంటే బరువు మిగిలిన ముగ్గురి మీద పడ్డట్టు, మొదటి గుండీ వదిలేసిన లాగుడంతా పక్కవాటి మీద పడుతుంది. అందుకే మొదటిది ఊడటానికి రెండు మూడేళ్లు పట్టినా రెండోదానికి కొన్ని నెలలు చాలు. మూడోదానికి రోజులు చాలు. ఆగస్టు నుంచి జనవరి దాకా జరిగింది ఇదే.

ఇంట్లోనే తెలుసుకోవచ్చు

బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి మూతని పై అంచు నడుమన పట్టుకుని మెల్లగా తెరవండి. కళ్లు మాత్రం స్క్రీన్ మీద కాదు, హింజ్‌లున్న రెండు మూలల మీద పెట్టండి. ఓ మూల అతుకు విచ్చుకుని, ఆపగానే మళ్లీ మూసుకుంటే లోపల గుండీ కదిలిపోయిందనే. స్క్రీన్ చుట్టూ పట్టీ ఉబ్బినా, కీబోర్డు పక్కన అరచేయి ఆనే భాగం పైకి లేచినా, అడుగు పలక మూల నోరు తెరిచినా అర్థం ఒకటే. పట్టీ ఎక్కడ లేస్తోందో చూస్తే మూతలో ఊడిందా, కింద ఊడిందా అనేదీ తెలిసిపోతుంది.

మూత తెరుస్తుంటే కింది భాగం కూడా లేచొస్తోందా? తేలికపాటి ల్యాప్‌టాప్‌లలో కొత్తప్పుడూ లేస్తుంది, కాబట్టి అదొక్కటే చూసి భయపడనక్కర్లేదు. ఇదివరకు లేవనిది ఇప్పుడు లేస్తుంటే మాత్రం బిగువు పెరిగినట్టే.

స్క్రీన్‌కి వెళ్లే తీగల కట్ట, వైఫై తీగలు, కెమెరా తీగ... ఇవన్నీ హింజ్ పక్కనుంచే పైకి పాకుతాయి. చోటు తప్పిన హింజ్ వాటిని నలిపేస్తుంది. మూత ఓ కోణంలో ఉంటే బొమ్మ బాగుండి, ఇంకో కోణంలో మినుకుమంటే అనుమానించాల్సింది ఆ తీగల కట్టనే. స్క్రీన్ పోయిందని చెప్పి వేలకి వేలు లెక్క కట్టేవాళ్లకి ముందు ఆ కేబుల్ మార్చి చూడమనండి.

లోపల 'గలగల' వినిపిస్తే ఇక తెరవడం మూయడం మానేయాలి. ఊడిన ఇత్తడి గుండీ కింది భాగంలో దొర్లుతుంటే మదర్‌బోర్డు మీద పడి రెండు చోట్లని కలిపేయొచ్చు. మూతలో దొర్లుతుంటే స్క్రీన్ వెనక్కి చేరి, మూత నొక్కగానే అద్దాన్ని లోపల్నుంచి పగలగొట్టొచ్చు. అవసరమైన ఫైళ్లు తీసుకోవాలంటే మూత తెరిచే ఉంచి, వెనకాల పుస్తకాల దొంతరేదైనా ఆసరా పెట్టి పని ముగించుకోవడం మేలు.

నూనె, జిగురు... ఎంతవరకు?

'బిగుసుకుంది కదా, కాస్త కుట్టుమిషన్ నూనె వేద్దాం' అనిపిస్తుంది. వద్దు. పల్చటి నూనె వాషర్లలోకి వెళ్లేది కొంచెం, ప్లాస్టిక్ మీదికీ స్క్రీన్ అంచుల్లోకీ పాకేది ఎక్కువ. కొన్నిరకాల ప్లాస్టిక్‌లు అలాంటివి తగిలితే ఒత్తిడి ఉన్నచోట ఇంకా త్వరగా పగులుతాయి.

క్షణాల్లో అతికే జిగురుదీ అదే కథ. అతికినప్పుడు రాయిలా ఉంటుంది. కానీ పెళుసు. రోజూ లాగుడు పడే చోట పదిరోజులు నిలిస్తే గొప్ప. పైగా నీళ్లలా పాకి హింజ్ కీలులోకే దూరితే అది శాశ్వతంగా బిగుసుకుంటుంది. దుకాణాల్లో వాడేది రెండు గొట్టాల్లోంచి తీసి కలిపే ఎపాక్సీ. ఊడిన గుండీని మళ్లీ చోట్లో నిలబెట్టి, చుట్టూ పాత ప్లాస్టిక్‌ని గరుకుగా గీకి, ఎపాక్సీతో గోడ కట్టి, పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. 'అరగంటలో ఇచ్చేస్తాం' అన్నారంటే ఈ పని సగమే చేస్తున్నారని!

ఇంకో పద్ధతుంది. మూత వెనక నుంచి రంధ్రం చేసి, సన్నటి బోల్టు ఆరపార దూర్చి, నట్టు బిగించేస్తారు. బయటికి రెండు మూడు స్క్రూ తలలు కనిపిస్తాయి. చూడ్డానికి బాగోదు కానీ ఇత్తడి గుండీకన్నా గట్టిగా ఉంటుంది. పాతబడ్డ ల్యాప్‌టాప్‌కి దీన్ని కాదనక్కర్లేదు.

ఏది చేసినా ఒకటి మర్చిపోకూడదు. బిగువు తగ్గించకుండా ప్లాస్టిక్ అతికించడం వృథా. పగలగొట్టిందెవరో వాళ్లని అలాగే వదిలేసి గోడ కట్టినట్టే! కొన్ని హింజ్‌లకి చివర నట్టు ఉంటుంది. దాన్ని పావు చుట్టు వదులుచేసి, మూత సగం తెరిచినచోట నిలుస్తోందో లేదో చూసి, అవసరమైతే ఇంకాస్త వదులుచేస్తారు. ఎక్కువైతే మూత వాలిపోతుంది. నట్టు లేకుండా, కొస చితక్కొట్టి బిగించిన హింజ్‌లూ ఉన్నాయి. వాటికి సవరణ లేదు, మార్చడమే.

ఏబీహెచ్... ఎంతవుతుంది?

దుకాణాల్లో ల్యాప్‌టాప్ ఒంటిని నాలుగు పలకలుగా పిలుస్తారు. మూత వెనక భాగం 'ఏ', స్క్రీన్ చుట్టూ పట్టీ 'బీ', కీబోర్డు చుట్టూ ఉండేది 'సీ', అడుగుది 'డీ'. మూత పలక, పట్టీ, హింజ్‌లు కలిపి అమ్మితే దాని పేరు 'ఏబీహెచ్'. ఈ మూడక్షరాలు తెలిస్తే చాలు, దుకాణంవాడు చెప్పే లెక్క సగం అర్థమైపోతుంది.

హైదరాబాద్‌లో బయటి దుకాణాల్లో మామూలు ప్లాస్టిక్ ల్యాప్‌టాప్‌కి... విప్పి, బిగువు సవరించి, స్క్రూలు బిగించడానికి 300 నుంచి 600 రూపాయలు అడుగుతారు. గుండీలు ఎపాక్సీతో నిలబెట్టాలంటే 600 నుంచి 1500. హింజ్‌ల జత మార్చాలంటే మోడల్‌నిబట్టి సామానుకే 500 నుంచి 1500. ఏబీహెచ్ మొత్తం మారిస్తే కూలితో కలిపి మూడు నుంచి ఐదు వేల దాకా. ఊడింది కింద 'సీ' పలకలో అయితే ఖర్చు ఇంకా పెరుగుతుంది. చాలా మోడళ్లలో కీబోర్డు ఆ పలకకే కరిగించి అతికి ఉంటుంది మరి. అది మార్చాలంటే మదర్‌బోర్డుతో సహా అన్నీ విప్పి కొత్తదాన్లోకి మార్చాలి. అన్నిటికన్నా భారం, హింజ్ కారణంగా స్క్రీన్ పగలడం. దానికే నాలుగు నుంచి ఎనిమిది వేలవుతుంది.

వారంటీ ఉందిగా అంటారా? మూత పగిలి ఉంటే 'పడేశారు, ఇది వాడినవాళ్ల తప్పు' అనే మాట వినాల్సి రావచ్చు. విడిగా కొనుక్కునే ప్రమాద రక్షణ ఉంటే వేరు. అందుకే వారంటీలో ఉన్నవాళ్లు బిగువుగా ఉన్నప్పుడే, ప్లాస్టిక్ పగలకముందే చూపించి, ఫిర్యాదు నంబరు రాయించుకోవడం తెలివైన పని. మూత ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు 'పడేశారు' అనడం వాళ్లకీ కష్టమే.

మూతలో దొరికిన లెక్క

పార్క్‌లేన్‌కి రాకముందు ఆ అమ్మాయి అధీకృత సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసింది. మూత భాగం మొత్తం స్క్రీన్‌తో సహా మార్చాలి, 11,200 అవుతుంది, సామాను రావడానికి వారం పడుతుందన్నారు. వారంటీ అయిపోయి ఏడు నెలలైంది. మెట్లమీద మొదటి దుకాణంలో జిగురు పెట్టి ఇచ్చేస్తాం, 800 చాలన్నారు. గంటలో పనైపోతుందట. రెండో దుకాణంలో స్క్రీన్ కూడా పోయిందన్నారు.

మూడో దుకాణంలో మెకానిక్ బ్యాటరీ తీగ ఊడదీసి, పట్టీ లేపి, స్క్రీన్ పక్కన పెట్టాడు. ఎడమవైపు మూడు స్తంభాల్లో రెండు మొదలంటా ఊడిపోయాయి. ఒక గుండీ ఇంకా స్క్రూకే వేలాడుతోంది. రెండోది కనిపించలేదు. మూడో స్తంభం చుట్టూ వెంట్రుకలాంటి పగుళ్లు. ఎడమ హింజ్ విప్పి ఆ అమ్మాయి చేతికిచ్చాడు.

''తిప్పు చూద్దాం.''

రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. కుడివైపుది ఇస్తే కాస్త బలంతో తిరిగింది.

''రోజూ నువ్వు తెరిచింది దీన్నమ్మా. ఆ ప్లాస్టిక్ ఇన్నాళ్లు ఆగడమే గొప్ప.''

స్క్రీన్‌కి వెళ్లే కేబుల్ మడత దగ్గర పైతొడుగు చిరిగి లోపలి తీగలు కనిపిస్తున్నాయి. వేరే కేబుల్ పెట్టి చూస్తే స్క్రీన్ మీద ఒక్క గీతా లేదు. అంటే రెండో దుకాణంలో చెప్పినట్టు స్క్రీన్ పోలేదు!

ఎపాక్సీ పెడదామా అన్నది కాసేపు చర్చ. మూడు స్తంభాలూ పోయాయి కాబట్టి ఎపాక్సీ పట్టుకోవడానికి పాత ప్లాస్టిక్ పెద్దగా మిగల్లేదు. పైగా దాన్ని ఒకరోజు ఆరనివ్వాలి. కొత్త పలకే మేలన్నాడు మెకానిక్. 'ఏ' పలక 1600, 'బీ' పట్టీ 500, హింజ్‌ల జత 900, కేబుల్ 750, కూలి 700. మొత్తం 4450. ఆ అమ్మాయి మిర్యాలగూడకి ఫోన్ చేసింది. నాన్న రెండే అడిగాడు. ''గురువారానికి అవుతుందా?'' అని ఒకటి. ''స్క్రీన్ బాగానే ఉందా?'' అని ఇంకోటి. డబ్బులు ఫోన్‌లోనే పంపించాడు.

పలక సరిపోయేది పక్క వరసలో దొరకలేదు. మోడల్ పేరు ఒకటే అయినా ఏడాది మారితే గుండీల చోటు మారుతుంది. అడుగున అంటించిన చీటీ మీది పూర్తి నంబరు చూసి, నాలుగు దుకాణాలు ఫోన్‌లో అడిగి, బుధవారం పొద్దుటికి తెప్పించాడు. కొత్త హింజ్‌లు బిగించేముందు రెండిటినీ చేత్తో తిప్పి చూశాడు. ఒకటి ఎక్కువ బిగువు, ఇంకోటి తక్కువైతే మళ్లీ ఒకవైపే లాగుడు పడుతుందని.

బుధవారం సాయంత్రం ఆరింటికి మూత మూసి, పై అంచు నడుమన రెండు వేళ్లు పెట్టి తెరిచి చూపించాడు. చప్పుడు లేదు. సగంలో వదిలితే అక్కడే ఆగింది. ఎడమమూల అతుకు విచ్చుకోలేదు. తర్వాత గల్లాపెట్టె పక్కనున్న కాగితం పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాడు. దాన్లో గోధుమగింజంత ఇత్తడి గుండీలు రెండు.

''ఇవెందుకన్నా నాకు?''

''లెక్క కోసం. రెండు ఊడాయి, రెండూ దొరికాయి. ఒకటైతే స్క్రీన్ వెనక కింది అంచులో ఇరుక్కుంది. అది దొరక్కపోయుంటే రాత్రే నీకు ఫోన్ చేసి, ఇంకో రోజు పడుతుందని చెప్పేవాణ్ని.''